ఇస్త్రీ కొట్టు చీటీలు

బుల్లబ్బాయికి నోరు ఊరుకోదు. బహ్రెయిన్‌లోని గుదైబియాలో ఆ లాండ్రీకి బట్టలిచ్చే వాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. చొక్కా ఇవ్వడానికి వెళ్తే, అది అందుకునే లోపు నీ పెళ్ళి గురించి ఒకటి, నీ ఫోర్‌మన్ గురించి ఒకటి, నీ పొట్ట గురించి ఇంకొకటి చెప్పి మరీ పంపిస్తాడు. అన్నీ సొంత సరుకే. ఎక్కడా అరువు తెచ్చుకోడు. పదకొండేళ్ళుగా ఇస్త్రీ బల్ల ముందు నిలబడ్డ మనిషి, బట్టలు కాకుండా ఇంకేం చూశాడని? అందుకే ఆయన మాటలన్నిటికీ గంజి వాసన వస్తుంది.

నరసాపురం దగ్గర పల్లె ఆయనది. ఎడమకాలు కాస్త ఈడ్చి నడుస్తాడు. ఎందుకని అడిగితే ఒకరికి ఒంటె తన్నిందనేవాడు, ఇంకొకరికి విమానం మెట్లు ఒకటి తక్కువ కట్టారనేవాడు. అరబ్బీ ముప్ఫై మాటలు వచ్చు, హిందీ ఓ వంద వచ్చు. రాత మాత్రం తెలుగు ఒక్కటే. కొట్టులో తయారైన ప్రతి బట్టకీ చిన్న కాగితం చీటీ మీద ‘ఖలాస్’ అని తెలుగులో రాసి పిన్నీసుతో గుచ్చేవాడు. అంటే ఉతుకు, గంజి, ఇస్త్రీ అన్నీ అయిపోయాయి, పట్టుకెళ్ళొచ్చు అని. చదివేది తనొక్కడే కాబట్టి ఏ భాషైతేనేం?

కొట్టు పైన రెండో అంతస్తులో శ్రీనివాసరాజుగారి కాపురం. ఓడలు బాగుచేసే యార్డులో ఫోర్‌మన్ ఆయన. భార్య రామలక్ష్మి, ఒక్కగానొక్క కూతురు లక్ష్మిప్రసన్న. పిల్లకి పదిహేనేళ్ళు. ఇండియన్ స్కూల్లో రెండువందల మీటర్ల పరుగులో కిందటేడు ఫస్టు వచ్చింది. మెట్లు దిగడం ఆ పిల్లకి చేతకాదు, దూకడమే. “అమ్మడూ, ఆ మెట్లు ఏం పాపం చేశాయమ్మా?” అని బుల్లబ్బాయి కొట్టులోంచి అరిచేవాడు.

అలాంటి పిల్ల 1993 డిసెంబరు మొదటి వారంలో తండ్రి భుజం మీద చెయ్యివేసి ఒంటికాలి మీద కారు దిగింది.  బుల్లబ్బాయి ఇస్త్రీ పెట్టె నిలబెట్టడం కూడా మరిచి బయటికి పరుగెత్తాడు. పాకిస్తానీ డ్రైవరు ఒకాయన చొక్కాకి ఆ రోజు వీపు మీద గోధుమరంగు ముద్ర పడింది.

జరిగింది ఇదీ. స్కూలు గ్రౌండులో మలుపు తిరుగుతుంటే లోపలి గట్టు ఇటుక అంచు మీద ఎడమకాలు పడింది. పాదం లోపలికి మడతపడింది. బయటి చీలమండ కోడిగుడ్డంత వాచింది, మర్నాటికి ఊదారంగుకి తిరిగింది. ఎక్స్‌రేలో ఎముక విరగలేదు. చీలమండని పట్టి ఉంచే నరంలాంటి కట్టు సగం తెగిందన్నారు. కాలికి కసరత్తు నేర్పించే కేరళ డాక్టరమ్మ మూడు రోజులు మంచం, గుడ్డలో చుట్టిన ఐసు పూటకి పావుగంట, క్రేపు బ్యాండేజీ, కాలికింద రెండు దిళ్ళు అని రాసిచ్చింది. ఆ తర్వాత ఏం చెయ్యాలో వారం వారం తనే చెబుతానంది.

“మా స్పోర్ట్స్ ఫిబ్రవరి మొదటి గురువారం,” అంది ప్రసన్న. “అప్పటికి నేను పరిగెత్తాలి. పరిగెత్తకపోతే మా హౌస్ వాళ్ళు నా మొహం చూడరు. నేనే చూసుకోను.” తొమ్మిది వారాలు కూడా లేవు. ఆ పిల్లకి బతుకంతా ఆ గురువారంలోనే ఉంది.

మూడో రోజుకే మంచం మీద యుద్ధం మొదలైంది. అన్నం కంచం తోసేసింది, తల్లి మీద అరిచింది. రామలక్ష్మి కిందికి దిగొచ్చి, “బుల్లబ్బాయ్, నీకు నోరుంది కదా, కాస్త దానికేమన్నా చెప్పు నాయనా. నా మాటంటే దానికి చీమ కుట్టినట్టైనా లేదు,” అని కళ్ళొత్తుకుంది.

“ఆయ్, చెప్తానండమ్మగారూ,” అన్నాడు గానీ బుల్లబ్బాయికి పైకెళ్ళే తీరిక లేదు. అది గురువారం సాయంత్రం. శుక్రవారం నమాజుకి వేసుకునే తోబులు, అదే అరబ్బుల తెల్లటి పొడుగు అంగీలు, గుట్టలు పడి ఉన్నాయి. అందుకని ఒక ఖాళీ చీటీ మీద రాసి రాజుగారి డ్యూటీ బట్టల జేబుకి గుచ్చి పంపాడు.

“మరక మీద రుద్దితే మరక పెద్దదవుతుంది. అద్ది వదిలెయ్.”

చీటీ తల్లి చదివి వినిపించింది. ప్రసన్న మొహం చిట్లించి, “నా కాలు మరకా?” అంది. కానీ అన్నం తింది. ఆ తర్వాత గురువారం గురువారం చీటీ రావడం అలవాటైపోయింది.

రెండో వారం డాక్టరమ్మ కొత్త పని పెట్టింది. కూర్చుని, కాలు గాల్లో చాపి, బొటనవేలితో ఇంగ్లీషు అక్షరాలు ఏ నుంచి జెడ్ దాకా రాయమంది. అలా రాస్తే చీలమండ అన్ని వైపులకీ మెల్లగా తిరుగుతుందట. ఈ సంగతి వినగానే బుల్లబ్బాయి ఎగిరి గంతేశాడు.

“ఇంగ్లీషు అక్షరాలేంటి రాజుగారూ, అన్నీ కర్రలూ పుల్లలూ! తిరగాలంటే మనయ్యే రాయాలి. ‘ఋ’ రాయమనండి, చీలమండ గిరగిరా తిరక్కపోతే నన్నడగండి!”

డాక్టరమ్మ నవ్వి, నొప్పి రానంతవరకు ఏ భాషైనా సరే అంది. అలా, బహ్రెయిన్‌లో పుట్టి పెరిగి తెలుగు చదవడం రాని పిల్ల, ఎడమకాలి బొటనవేలితో గాల్లో అ ఆలు దిద్దుకుంది. రోజుకి మూడుసార్లు. ‘ఖ’ దగ్గర తిట్టుకుంది, ‘ఝ’ దగ్గర ఏడ్చింది. నాలుగో వారానికి బుల్లబ్బాయి చీటీలు తల్లి సాయం లేకుండా కూడబలుక్కుని చదవడం మొదలెట్టింది. ఒక్కో చీటీకి పది నిమిషాలు పట్టేది. అన్ని నిమిషాలు ఆ పిల్ల ఒకచోట కూర్చోవడం ఇదే మొదటిసారి.

“గంజి ఒకేసారి కుమ్మరిస్తే చొక్కా అట్టముక్క అవుతుంది. పలచగా మూడుసార్లు పెట్టు.” ఇది, వారంలో చెయ్యాల్సిన కసరత్తంతా ఒక్కపూటే చేసి కాలు మళ్ళీ వాచేలా చేసుకున్నప్పుడు వచ్చిన చీటీ.

“పెట్టె వేడెక్కేదాకా చేతులు కట్టుకు కూర్చోకు. బొత్తాలు కుట్టు.” ఇది, కాలు బాగయ్యేదాకా ఇంకేం చెయ్యనని భీష్మించినప్పటిది. దాని దెబ్బకి పొట్టకీ భుజాలకీ కసరత్తు మొదలెట్టింది. నేల మీద పడుకుని తను లేస్తూ వంగుతూ ఉంటే రామలక్ష్మి లెక్కపెట్టేది.

జనవరి మొదటి వారానికి వాపు పోయింది. నడిస్తే నొప్పి లేదు. ఇంక ఆ పిల్లని పట్టడం ఎవరి తరం? బుధవారం సాయంత్రం కొట్టుకొచ్చి బల్ల మీద రెండు చేతులూ ఆనించి నిలబడింది.

“బాబాయ్, అయిదు వారాలు. నొప్పి సున్నా. పరిగెత్తొచ్చా వద్దా? డాక్టరాంటీ అపాయింట్‌మెంట్ సోమవారం. అప్పటిదాకా ఆగలేను. నువ్వు చెప్పు.”

“నేనేమన్నా డాక్టర్నా అమ్మడూ?”

“నువ్వు చెప్పిందే వింటున్నాగా ఇన్నాళ్ళూ! రేపు చీటీలో రాయి. అదే ఫైనల్.”

ఆ మాటకి బుల్లబ్బాయి ఉబ్బిపోయాడు. ఒప్పుకోవాలి, బాగా ఉబ్బిపోయాడు. రాత్రంతా ఆలోచించి, తన జీవితంలో ఇంతకన్నా మంచిది రాయలేననుకున్న చీటీ రాశాడు. “నొప్పి పోవడం సగం దారి. బలం రావడం మిగతా సగం. సగం దారిలో బస్సు దిగకు.”

గురువారం తోబుల మధ్య తల ఎత్తే తీరిక లేదు. రాజుగారి బట్టలకి చీటీ గుచ్చాడు, పంపించాడు, మరిచిపోయాడు.

శుక్రవారం మధ్యాహ్నం నమాజు అయ్యాక సనాబిస్ నుంచి ఒక ముసలి హాజీ కొట్టు ముందు పికప్ ఆపాడు. ఎనిమిదేళ్ళ నుంచి ఆయన తోబులు ఇక్కడికే వస్తాయి. జేబులోంచి చీటీ తీసి బల్ల మీద పెట్టి, కళ్ళద్దాలు సవరించుకుని, బిల్లు ఎప్పుడూ ఒక్క మాటే కదా, ఈసారి మూడు వరసలెందుకని అడిగాడు. “బిల్ వాజిద్ తవీల్!” అన్నాడు. ఆ చీటీయే బిల్లనుకుని, మరీ పొడుగైపోయిందని ఆయన గోల.

బుల్లబ్బాయి చీటీ చూశాడు. ‘సగం దారిలో బస్సు దిగకు.’

నెత్తిన పిడుగు పడ్డట్టైంది. ఇది ఇక్కడుంటే, రాజుగారి జేబుకి వెళ్ళింది ఏది? తోబుకి వెళ్ళాల్సిన ‘ఖలాస్’! పరిగెత్తొచ్చా అని అడిగిన పిల్లకి ఖలాస్ అని జవాబు పోయింది. అయిపోయింది, పట్టుకెళ్ళొచ్చు!

“ఓరి నా చేతులు కాలా!” అని బల్ల మీద కొట్టుకుని పైకి పరుగెత్తాడు. తలుపుకి తాళం. రాజుగారి కుటుంబం భోజనం కట్టుకుని జల్లాఖ్ బీచికి వెళ్ళిందని పక్కింటావిడ చెప్పింది. “పాప పరుగు బూట్లు కూడా పెట్టుకుంది,” అని కూడా చెప్పింది.

జల్లాఖ్ అంటే దీవికి ఆ చివర. హాజీగారు ఇంకా కొట్టు ముందే ఉన్నాడు. బుల్లబ్బాయి ఆయనకి అర్థమయ్యేలా చెప్పాలని, “బింత్! రిజ్ల్!” అని, అంటే పిల్ల, కాలు అని అరుస్తూ ఉన్నచోటే పరిగెత్తి చూపించాడు, చీలమండ పట్టుకున్నాడు, మెలికలు తిరిగాడు. పాపం హాజీగారు కొట్టు వెనకున్న మరుగుదొడ్డి వైపు చెయ్యి చూపించాడు. రెండోసారి నటించి చూపించాక ఎవరో పిల్లకి ప్రమాదమని మాత్రం అర్థమైంది. “యల్లా, యల్లా!” అని పికప్ తలుపు తీశాడు. బిల్లు సంగతి దార్లో మళ్ళీ రెండుసార్లు అడిగాడు.

జల్లాఖ్ చేరేసరికి రాజుగారు చాప మీద కునుకు తీస్తున్నారు. ఇసకలో కాలితో గీసిన గీత దగ్గర ప్రసన్న వంగి ఉంది. రామలక్ష్మి చెయ్యెత్తి, “వన్, టూ...” అంటోంది. ఒక పక్కకి ఒరిగిన, మెత్తటి, గుంటలు పడ్డ ఇసక. సగం తెగి అతుక్కుంటున్న చీలమండకి అంతకన్నా చెడ్డ నేల వెతికినా దొరకదు.

“ఆగమ్మా! అమ్మడూ, ఆగు!”

‘త్రీ’ అయిపోయింది. పిల్ల ఆరడుగులు వేసింది. ఏడో అడుగుకి బుల్లబ్బాయి గొంతు చెవిన పడి, తడబడి, నిలబడింది. ఆయన కుంటుతూ పరుగెత్తుకొచ్చి ఆ పిల్ల కాలి దగ్గర ఇసకలో కూలబడ్డాడు. వాపు లేదు. హమ్మయ్య.

“నువ్వే కదా ఖలాస్ అన్నావ్!” అంది ప్రసన్న.

“నిన్ను కాదమ్మా, తోబుని అన్నాను!”

అసలు చీటీ చేతిలో పెట్టాడు. చదివి, నలిపి విసిరేసింది. “నొప్పి లేదని చెప్తున్నాగా! ఇంకా ఏం బలం? మీరందరూ కలిసి నన్ను కూర్చోబెడుతున్నారు!”

బుల్లబ్బాయి వాదించలేదు. డాక్టరమ్మ రాసిచ్చిన కాగితంలో ఒక పరీక్ష ఉందని రామలక్ష్మి చెప్పగా ఆయనకి తెలుసు. “సరే, గట్టి నేల మీదకి రా. కుడికాలి మీద ఒక్కదాని మీదే నిలబడి మడమ ఎత్తి దించు. ఎన్ని చేస్తావో చూద్దాం.”

కారు బానెట్ మీద వేళ్ళు ఆనించి కుడికాలితో చులాగ్గా పాతిక చేసింది. ఎడమకాలు వంతు వచ్చింది. అయిదు బాగానే ఉన్నాయి. ఏడోదానికి పిక్క వణికింది. తొమ్మిదోదానికి మడమ లేవలేదు. పళ్ళు బిగించింది, లేవలేదు. నొప్పి మాత్రం లేదు. బలమే లేదు. ఆ పిల్ల మొహంలో రంగు మారింది. చెప్తే విననిది కాలు చెప్తే వింది.

“నా కాలు ఎందుకిలా ఉందో అడిగావు కదా ఓసారి,” అన్నాడు బుల్లబ్బాయి పక్కన కూర్చుని. “ఒంటె కాదు, గింటె కాదు. పదిహేడేళ్ళప్పుడు కబడ్డీలో మోకాలు తిరిగింది. మంచం మీద ఉండరా అన్నారు. పన్నెండో రోజున నొప్పి తగ్గింది. పక్కూళ్ళో ఫైనలు. కట్టు కట్టుకుని దిగాను. గెలిచాం కూడా! ఇత్తడి బిందె ఇచ్చారు. ఆ బిందెతో మా అమ్మ పదేళ్ళు నీళ్ళు మోసింది. మోకాలు మాత్రం మళ్ళీ దేనికీ పనికిరాలేదు. నాకు ఆట అంటే ప్రాణమమ్మా. ఇప్పటికీ కలలో కూతకెళ్తాను.”

ఎప్పుడూ నవ్వించే మనిషి కళ్ళు తుడుచుకుంటుంటే రాజుగారు కూడా చాప మీద లేచి కూర్చున్నారు.  ప్రసన్న బూట్లు విప్పేసి, “ఎనిమిది నుంచి పాతిక అవ్వాలంటే ఎన్ని రోజులు?” అని అడిగింది.

అప్పట్నుంచి అసలు పని మొదలైంది. రోజు మార్చి రోజు మడమలెత్తడం, వారానికి మూడేసి నాలుగేసి పెంచడం. పళ్ళు తోముకుంటూ ఒంటికాలి మీద అర నిమిషం. అది వచ్చాక కళ్ళు మూసుకుని. అదీ వచ్చాక మడతపెట్టిన తువ్వాళ్ళ దొంతర మీద. ఆ తువ్వాళ్ళు బుల్లబ్బాయి కొట్టువే. ఎవరి తువ్వాళ్ళో వాళ్ళకి ఈనాటికీ తెలియదు. ఏడో వారం నిమిషం నడక, నిమిషం మెల్లటి పరుగు. తర్వాత తిన్నగా పరుగు, ముందు సగం వేగం, ఆ పైన ముప్పాతిక. తర్వాత ఒంటికాలి గెంతు. ప్రతి మెట్టు దగ్గరా మర్నాడు పొద్దున్న కాలు చూసుకోవాలి. వాపొస్తే ఒక మెట్టు కిందికి. రెండుసార్లు కిందికి దిగాల్సొచ్చింది. రెండుసార్లూ పిల్ల తలుపులు దబదబా వేసింది, కానీ దిగింది.

బుల్లబ్బాయి చీటీలు ఆగలేదు. “ఇస్త్రీ అయిన చొక్కా వెంటనే మడవకు, ముడతలు పడుతుంది. చల్లారనీ,” అని రాశాడొకటి. ఇప్పుడు వాటిని రెండుసార్లు చూసి మరీ గుచ్చేవాడు.

స్పోర్ట్స్‌కి మూడు రోజుల ముందు డాక్టరమ్మ పరీక్షించింది. మడమలు ఇరవై రెండు. తిన్నటి పరుగు బాగుంది. మలుపులో మాత్రం వేగం పెంచగానే పాదం ఇంకా తడుముకుంటోంది. “నూరు మీటర్లు తిన్నగా కాబట్టి పరిగెత్తు, కాలికి టేపు వేసుకుని. రెండువందలకి మలుపుంది. దానికి ఇంకో మూడు వారాలు,” అంది. రెండువందలే ప్రసన్న పందెం. కిందటేడు గెలిచింది అదే. ఆ పిల్ల సరేననలేదు, కాదనలేదు. రెండు జాబితాల్లోనూ పేరు అలాగే ఉంచింది.

ఆ గురువారం బుల్లబ్బాయి పదకొండేళ్ళలో మొదటిసారి గురువారంనాడు కొట్టు కట్టేశాడు. కఫీల్, అదే వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, కోప్పడితే పడనీ. తాడు పట్టుకుని రాజుగారి పక్కన నిలబడ్డాడు. నూరు మీటర్లు మొదలైంది. ప్రసన్న టేపు వేసుకున్న కాలితో బయల్దేరింది. బుల్లబ్బాయికి మిగతా పిల్లలెవరూ కనబడలేదు, ఆ ఎడమ చీలమండే కనబడింది. మూడోదిగా గీత దాటింది. మూడోదిగా! ముందున్న పిల్లకి ఒక్క అడుగు తేడా!

ఇంక ఆ మనిషికి ఒళ్ళు తెలియలేదు. తాడు దాటి వెళ్ళి పిల్ల చెయ్యి పట్టుకుని ఊపేశాడు. “అమ్మడూ! ఏం పరుగమ్మా అది! నొప్పుందా? లేదా? ఇంకేంటి మరి! రెండువందలూ కొట్టెయ్! ఒక్క మలుపేగా, ఎంతసేపు? ముప్ఫై సెకండ్లు! ఏం కాదు, నేను చెప్తున్నాగా!”

రాజుగారు నోరు తెరిచారు. రామలక్ష్మి గబుక్కున కూతురి వైపు చూసింది. మైకులో రెండువందల వాళ్ళని పిలుస్తున్నారు.

 “బాబాయ్,” అంది ప్రసన్న, ఊపిరి ఇంకా అందకుండానే, “ఇప్పుడు మాట్లాడుతోంది నువ్వు కాదు. బిందె.”

చెయ్యి విడిపించుకుని పీటీ సారు బల్ల దగ్గరికి నడిచింది. పరుగెత్తలేదు, నడిచింది. జాబితా మీద వేలు పెట్టి ఏదో చెప్పింది. సారు తలెత్తి చూశాడు, మళ్ళీ అడిగాడు. ప్రసన్న తల ఊపింది. ఆయన పేరు కొట్టేశాడు.

తిరిగొచ్చి తాడు పక్కన నేల మీద కూర్చుంది. బుల్లబ్బాయికి తల ఎత్తుకోలేనంత సిగ్గేసింది. అంతకన్నా ఎక్కువ సంతోషమేసింది. రెండూ ఒకేసారి ఎలా పడతాయో ఆయనకే తెలియదు. ఏదో ఒకటి చెబుదామని నోరు తెరిచాడు.

“ఏం చెప్పకు,” అంది ప్రసన్న. “నాకు ఏడుపొస్తోంది. ఏడవనీ.”

తుపాకీ పేలింది. వేరే పిల్లలు మలుపు వైపు దూసుకెళ్ళారు. ప్రసన్న కళ్ళు తుడుచుకోకుండానే చివరిదాకా చూసింది. ఎవరో పొడుగాటి పిల్ల, నీలం హౌసు, గెలిచింది. ప్రసన్న గట్టిగా చప్పట్లు కొట్టింది. బుల్లబ్బాయి మోకాలు నొక్కుకుంటూ పక్కన చతికిలబడి, తనూ కొట్టాడు.